పాత ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ తక్కువ చూపితే లైన్‌ను అనుమానించే ముందు: అసలు స్పీడ్ తేల్చుకునే పద్ధతి

బెంగళూరు మారతహళ్లిలో ఒక అద్దె ఇల్లు అనుకుందాం. ప్లాన్ 200 ఎంబీపీఎస్ ఫైబర్. కనెక్షన్ ఇచ్చి వెళ్లిన సాయంత్రమే ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 41 వచ్చింది. పాత లాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్ గుచ్చి చూస్తే 94. కేబుల్ తీసేసి అదే లాప్‌టాప్‌లో వైఫై మీద చూస్తే 128. ఏదీ 200 దరిదాపుల్లో లేదు. పైగా వైఫై కన్నా కేబుల్‌కి తక్కువ రావడం ఇంకా విడ్డూరంగా ఉంది.

ఇలాంటి ఇంట్లో చాలామంది చేసే పని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయడం. కొందరైతే 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మారిపోతారు, అప్పుడు కూడా 41, 94, 128 అంకెలే వస్తాయి. ఎందుకంటే ఈ మూడూ లైన్‌కి సంబంధించిన అంకెలు కావు. 41 ఫోన్‌లోని వైఫై రేడియోది. 94 లాప్‌టాప్ పోర్ట్‌ది. 128 లాప్‌టాప్ ప్రాసెసర్‌ది. ఏ అంకె దేనిదో ఇంట్లోనే, గంటలోపు, రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ఇదే ఇంటిని ఉదాహరణగా పెట్టుకుని ఆ పని ఒక్కొక్క మెట్టుగా చూద్దాం.

## టెస్ట్ కొలిచేది దేన్ని?

టెస్ట్ సర్వర్ దగ్గర బయలుదేరిన డేటా కంపెనీ నెట్‌వర్క్ దాటి, మన గోడ మీద ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టెలోకి వచ్చి, రౌటర్ మీదుగా గాల్లోనో తీగలోనో ప్రయాణించి ఫోన్‌లోకి చేరుతుంది. ఫోన్‌లోకి చేరాక కూడా పని అయిపోదు. ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి ప్యాకెట్‌నీ అందుకోవాలి, వరసలో పెట్టాలి, ఎన్‌క్రిప్షన్ విప్పాలి, బ్రౌజర్‌కి ఇవ్వాలి. బ్రౌజర్ దాన్ని లెక్కపెట్టి పారేయాలి. ఈ దారిలో ఎక్కడ అన్నిటికన్నా ఇరుకుగా ఉంటే ఆ చోటి అంకే తెర మీద కనిపిస్తుంది.

200 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 25 ఎంబీ. ఒక ప్యాకెట్ మహా అయితే 1500 బైట్లు కాబట్టి, సెకనుకి దాదాపు పదిహేడు వేల ప్యాకెట్లు. కొత్త ఫోన్‌కి ఇది లెక్కలోకి రాదు. పదేళ్ల నాటి ఫోన్‌కి మాత్రం ఊపిరాడని పని.

ఊపిరాడనప్పుడు పాత ఫోన్ ఎర్రర్ ఏమీ చూపదు. చిక్కంతా ఇక్కడే. టీసీపీ పద్ధతిలో డేటా అందుకునే పరికరం పంపే సర్వర్‌కి ఎప్పటికప్పుడు ఒక మాట చెబుతూ ఉంటుంది: "నా దగ్గర ఇంక ఇంత చోటే ఉంది, ఇంతవరకే పంపు" అని. దీన్ని రిసీవ్ విండో అంటారు. బ్రౌజర్ డేటాను తీసుకోవడంలో వెనకబడితే ఆ చోటు నిండిపోతుంది, ఫోన్ చెప్పే అంకె చిన్నదవుతుంది, సర్వర్ బుద్ధిగా నెమ్మదిస్తుంది. లైన్ సగం పైగా ఖాళీగా ఉన్నా ఎక్కడా ఏదీ తెగదు, ఆగదు. తక్కువ అంకె ఒకటి నిలకడగా, నిజమైన లైన్ స్పీడ్‌లాగే కనిపిస్తుంది.

## మొదలుపెట్టే ముందు మూడు విషయాలు

కంపెనీ యాప్‌లో ఎఫ్‌యూపీ డేటా, అంటే పూర్తి స్పీడ్‌తో వాడుకోవడానికి ఇచ్చిన డేటా, ఎంత మిగిలిందో చూడండి. అది అయిపోయి స్పీడ్ తగ్గించి ఉంటే కింద చెప్పే పరీక్షలన్నీ వృథా. టెస్టులకూ డేటా పోతుంది. 200 ఎంబీపీఎస్ లైన్ మీద పది సెకన్ల డౌన్‌లోడ్ టెస్ట్ ఒక్కటే దాదాపు 250 ఎంబీ తింటుంది.

ఆఫీస్ లాప్‌టాప్‌లో ఈ పరీక్ష చేయకండి. బెంగళూరులో చాలా ఇళ్లలో చేతికి మొదట దొరికేది అదే, కానీ దానిలో వీపీఎన్ ఉంటుంది. అది ఆపి ఉన్నట్టు కనిపించినా వెనకాల సెక్యూరిటీ ఏజెంట్ ట్రాఫిక్‌ను వేరే ఊరి మీదుగా తిప్పుతూ ఉండవచ్చు. అప్పుడు వచ్చే అంకె మీ లైన్‌దీ కాదు, మీ లాప్‌టాప్‌దీ కాదు.

టెస్ట్ సైట్‌లో సర్వర్‌ను మీరే ఎంచుకోండి. బెంగళూరులో ఉంటే బెంగళూరు సర్వర్, లేకపోతే చెన్నై. ఒకసారి ఎంచుకున్నాక చివరిదాకా అదే ఉంచండి. ఫోన్‌కి ఒక సర్వర్, లాప్‌టాప్‌కి ఇంకొక సర్వర్ అయితే రెండు అంకెల్ని పోల్చడంలో అర్థం ఉండదు.

## మొదటి మెట్టు: పరికరానికీ రౌటర్‌కీ మధ్య లింక్ స్పీడ్

టెస్ట్ నొక్కేముందు చూడాల్సిన అంకె ఇది. పరికరం రౌటర్‌తో ఏ వేగానికి ఒప్పందం చేసుకుందో అదే లింక్ స్పీడ్. దాన్ని మించి టెస్ట్‌లో రావడం అసాధ్యం. వైఫైలో అయితే అందులో సగం నుంచి మూడింట రెండు వంతులు వస్తే బాగా వచ్చినట్టే.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లో వైఫైలోకి వెళ్లి, కనెక్ట్ అయిన నెట్‌వర్క్ పేరు మీద నొక్కితే చాలా ఫోన్లలో `Link speed` కనిపిస్తుంది. విండోస్ లాప్‌టాప్‌లో వైఫైకి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
netsh wlan show interfaces
```

అందులో `Radio type`, `Channel`, `Receive rate (Mbps)` అనే మూడు వరసలు చాలు. లినక్స్ అయితే `iw dev wlan0 link`. మీ వైఫై కార్డ్ పేరు `wlan0` కాకపోతే ఆ పేరు పెట్టుకోండి.

మన ఉదాహరణ ఫోన్‌లో `Link speed: 72 Mbps` అని ఉంది. ఈ అంకె ఎక్కడ చూసినా గుర్తుపట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసిన, ఒక్క యాంటెనా ఉన్న ఫోన్‌కి, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్‌లో, వైఫై 4 ప్రకారం దక్కే గరిష్ఠ వేగం 72.2. ఫోన్‌ను రౌటర్ నెత్తిన పెట్టినా ఇంతకు మించదు.

మరి 72 కాస్తా 41 ఎందుకైంది? వైఫైలో ఒకసారికి ఒకరే మాట్లాడాలి. ఫోన్‌కి డేటా వచ్చేటప్పుడు ఫోన్ బదులు చెప్పే వీలు లేదు. ఫోన్ "అందింది" అని చెప్పేటప్పుడు రౌటర్ ఆగాలి. ప్రతి విడతకీ ముందు గాలి ఖాళీగా ఉందా అని విని, కొంచెం ఆగి, అప్పుడు పంపాలి. ఈ ఆగడాలూ బదుళ్లూ కలిసి సుమారు మూడో వంతు తినేస్తాయి. చుట్టూ ఎవరూ లేని చోట 72 లింక్ మీద 45, 50 దాకా రావచ్చు. మారతహళ్లి, బీటీఎం లాంటి చోట గోడకి గోడ ఆనించి కట్టిన ఇళ్లలో పదిహేను, ఇరవై పక్కింటి వైఫైలు అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంటాయి. ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్లు అక్కడ మూడే: 1, 6, 11. అలాంటి చోట 41 వచ్చిందంటే ఆ ఫోన్ తన పని బాగానే చేస్తోంది.

అదే ఫోన్‌కి 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టే వైఫై 5 ఉండి ఉంటే, ఒక్క యాంటెనాతోనే 80 మెగాహెర్ట్జ్ వెడల్పులో లింక్ 433 చూపేది, 200 లైన్‌ను దాదాపు పూర్తిగా అందుకునేది. అందుకే రౌటర్‌లో 2.4కీ 5కీ ఒకే పేరు ఉంటే, కొలిచే కాసేపైనా రెండు పేర్లు విడిగా పెట్టండి. 5 గిగాహెర్ట్జ్ పట్టగల ఫోన్ కూడా ఒక్కోసారి మొండిగా 2.4 మీదే కూర్చుంటుంది, మనకి తెలియదు.

## రెండో మెట్టు: 94 అనే అంకె

కేబుల్ పెట్టి కొలిచినప్పుడు 93, 94, 95 మధ్య ఏదైనా వచ్చి, ఎన్నిసార్లు కొలిచినా అక్కడే నిలబడితే ఇంక వేరే రుజువు అక్కర్లేదు. దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్ లింక్ ఉంది. లెక్క ఇలా వస్తుంది:

```
100 × 1448 / 1538 = 94.1
```

తీగ మీద ఒక్కో పూర్తి ప్యాకెట్ ఆక్రమించే చోటు 1538 బైట్లు. అందులో చిరునామాలు, తలకట్టులు, రెండు ప్యాకెట్ల మధ్య వదిలే ఖాళీ తీసేస్తే అసలు డేటా 1448 బైట్లు మిగులుతుంది. వైఫై అంకె ప్రతిసారీ ఊగుతుంది, తీగ అంకె ఊగదు. అందుకే 94 అంత కచ్చితంగా నిలుస్తుంది. ఇదే లెక్కన గిగాబిట్ పోర్ట్ మీద గరిష్ఠం 941.

ఇప్పుడు ఆ 100 లింక్ ఎవరి వల్ల వచ్చిందో తేల్చాలి. తప్పు లాప్‌టాప్‌దే అని వెంటనే అనేయకూడదు. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి `Get-NetAdapter` కొడితే `LinkSpeed` కింద 100 ఎంబీపీఎస్ ఉందో, 1 జీబీపీఎస్ ఉందో కనిపిస్తుంది. లినక్స్‌లో అయితే ఇంకా వివరంగా తెలుస్తుంది:

```
sudo ethtool eth0
```

ఇక్కడ `Supported link modes` అంటే మీ లాప్‌టాప్ చేతనైనవి, `Link partner advertised link modes` అంటే అవతల రౌటర్ చేతనైనవి, `Speed` అంటే ఇద్దరూ కలిసి కుదుర్చుకున్నది. మొదటి జాబితాలోనే `1000baseT/Full` లేకపోతే లాప్‌టాప్‌లోని పోర్టే పాతది. చవక లాప్‌టాప్‌లలో ఇది మామూలే. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే రౌటర్ పోర్ట్ 100 మాత్రమే. రెండిట్లోనూ ఉండి కూడా `Speed: 100Mb/s` అని ఉంటే కేబుల్‌ను అనుమానించండి. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. 100కి అక్కర్లేని ఆ మిగతా రెండు జతల్లో ఒక్క తీగ ప్లగ్‌లో సరిగా దిగకపోయినా లింక్ చప్పుడు చేయకుండా 100కి దిగిపోవచ్చు. ఇంట్లో ఇంకో కేబుల్ ఉంటే మార్చి చూడటమే పరీక్ష.

రౌటర్ పోర్ట్ సంగతి మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. లాప్‌టాప్ పోర్ట్ 100 అయితే నష్టం లాప్‌టాప్ ఒక్కదానికే. ఓఎన్‌టీ నుంచి రౌటర్‌కి వచ్చే కేబుల్ కానీ, రౌటర్‌లో ఆ కేబుల్ గుచ్చే వాన్ పోర్ట్ కానీ 100 అయితే నష్టం ఇంటిల్లిపాదికీ. అప్పుడు ఎంత కొత్త ఫోన్ తెచ్చినా 94 దాటదు. అది పాత పరికరం తప్పు కాదు, నిజంగానే మీకు 200 అందడం లేదు. రౌటర్ కంపెనీ వాళ్లే ఇచ్చి ఉంటే మార్చమని అడగండి.

## మూడో మెట్టు: వైఫైలో 128, కానీ లింక్ 433

ఇప్పుడు అదే లాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద చూద్దాం. `Receive rate` 433 చూపిస్తోంది. అందులో సగం వచ్చినా 200 దాటాలి. టెస్ట్‌లో మాత్రం 128. లింక్ దారి విశాలంగానే ఉంది కాబట్టి ఇరుకు లాప్‌టాప్ లోపలే ఉంది.

టాస్క్ మేనేజర్ తెరిచి `Performance`లో `CPU` ఎంచుకోండి. అక్కడ కనిపించే మొత్తం శాతాన్ని నమ్మకండి. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి `Change graph to`, ఆ తర్వాత `Logical processors` ఎంచుకుంటే ఒక్కో కోర్‌కి ఒక్కో చిన్న గ్రాఫ్ వస్తుంది. ఆ కిటికీని ఒక పక్కన పెట్టి, బ్రౌజర్‌లో టెస్ట్ మొదలుపెట్టండి.

మన లాప్‌టాప్‌లో రెండే కోర్లు. డౌన్‌లోడ్ మొదలైన రెండు సెకన్లకి ఒక గ్రాఫ్ పైకెళ్లి కప్పుకి అంటుకుంది, పది సెకన్లూ అక్కడే బల్లపరుపుగా ఉంది. రెండోది 40కీ 70కీ మధ్య ఊగుతోంది. అప్‌లోడ్ మొదలవగానే రెండూ కొంచెం దిగాయి. డౌన్‌లోడ్ జరిగినంతసేపూ ఒక కోర్ కప్పుకి అంటుకుని ఉందంటే వచ్చిన అంకె ఆ కోర్‌దే, లైన్‌ది కాదు. నాలుగు కోర్ల లాప్‌టాప్‌లో ఒక్క కోర్ పూర్తిగా నిండినా మొత్తం మీద 25 శాతమే చూపిస్తుంది. "సీపీయూ ఖాళీగానే ఉంది కదా" అని చాలామంది పొరపడేది ఇక్కడే. ఒక ట్యాబ్‌లోని జావాస్క్రిప్ట్ ప్రధానంగా ఒక్క కోర్ మీదే నడుస్తుంది. మిగతా మూడు ఖాళీగా ఉన్నా సాయం చేయలేవు.

ఆ కోర్ అంత కష్టపడి చేస్తున్నదేమిటి? టెస్ట్ పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తుంది కాబట్టి వచ్చిన ప్రతి బైట్‌కీ ఎన్‌క్రిప్షన్ విప్పాలి. కొత్త ప్రాసెసర్లలో దీనికి ఏఈఎస్ అనే ప్రత్యేక సూచనలు ఉంటాయి. చాలా పాత, చవక ప్రాసెసర్లలో అవి ఉండవు, అదే పని చాంతాడంత లెక్కగా చేయాలి. లినక్స్‌లో ఇలా చూడొచ్చు, ఏమీ రాకపోతే మీ ప్రాసెసర్‌లో అవి లేనట్టు:

```
grep -o -m1 -w aes /proc/cpuinfo
```

విప్పిన డేటాను బ్రౌజర్ తన నెట్‌వర్క్ ప్రాసెస్ నుంచి ట్యాబ్ ప్రాసెస్‌కి అందించాలి. అక్కడ జావాస్క్రిప్ట్ లెక్కపెట్టాలి. ఇదంతా జరుగుతుండగానే తెర మీద ముల్లు తిరగాలి, గ్రాఫ్ గీయాలి. యాంటీవైరస్‌లో హెచ్‌టీటీపీఎస్ తనిఖీ ఆన్‌లో ఉంటే అది డేటాను ఒకసారి విప్పి, చూసి, మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి బ్రౌజర్‌కిస్తుంది, బ్రౌజర్ మళ్లీ విప్పుతుంది. అంటే ఒక పని మూడింతలవుతుంది.

ఈ బరువు దించి చూడటానికి మార్గం బ్రౌజర్ లేకుండా టెస్ట్ చేయడం. స్పీడ్‌టెస్ట్.నెట్ సైట్ నడిపే ఊక్లా వాళ్ల కమాండ్ లైన్ ప్రోగ్రామ్ దించుకుని నడపండి:

```
speedtest -L
speedtest -s 12345
```

మొదటిది దగ్గరి సర్వర్ల జాబితా, వాటి నంబర్లు ఇస్తుంది. రెండోదాంట్లో `12345` స్థానంలో మీరు బ్రౌజర్‌లో వాడిన సర్వర్ నంబర్ పెట్టండి. పైథాన్‌లో రాసిన `speedtest-cli` అనే ఇంకొక ప్రోగ్రామ్ ఉంది, ఇలాంటి లాప్‌టాప్ మీద అదే పెద్ద బరువు, దాన్ని వాడకండి. మన లాప్‌టాప్‌లో బ్రౌజర్ 128 చెప్పిన చోట కమాండ్ లైన్ 176 చెప్పిందనుకుందాం. లైన్ అదే, వైఫై అదే, లాప్‌టాప్ అదే. పోయిన 48 బ్రౌజర్ తిన్నది. మిగిలిన తేడాకీ ఒక కారణం ఉండొచ్చు: కమాండ్ లైన్ నడుస్తున్నప్పుడు కూడా ఒక కోర్ కప్పుకి అంటుకుంటే ప్రాసెసర్ ఇంకా అడ్డే.

ఫోన్‌లో ఇంత వివరంగా చూడలేం కానీ, వేడి ఒక ఆనవాలు ఇస్తుంది. కవర్ తీయకుండా, ఛార్జింగ్‌లో ఉంచి, వరసగా నాలుగు టెస్టులు పెట్టినప్పుడు ఒక్కో టెస్ట్‌కీ అంకె దిగుతూ పోతే ఫోన్ వేడెక్కి తనంతట తాను నెమ్మదిస్తోందన్నమాట. పది నిమిషాలు పక్కన పెట్టి మళ్లీ చూస్తే మొదటి అంకె తిరిగి వస్తుంది. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే మొదటి టెస్ట్ నుంచే తక్కువ రావచ్చు. లాప్‌టాప్‌కైనా ఛార్జర్ గుచ్చి, పవర్ మోడ్‌ను `Best performance`లో పెట్టాకే కొలవండి.

## నాలుగో మెట్టు: ఇంటర్నెట్‌ను పక్కన పెట్టి కొలవడం

ఇంతవరకూ ఊహకి ఆధారాలు దొరికాయి. ఇప్పుడు తిరుగులేని రుజువు. ఇంట్లో ఇంకొక కంప్యూటర్‌ను గిగాబిట్ పోర్ట్‌తో రౌటర్‌కి కేబుల్ మీద కలపగలిగితే దానిలో రెండు పరికరాల మధ్య స్పీడ్ కొలిచే `iperf3` అనే ప్రోగ్రామ్ పెట్టి `iperf3 -s` కొట్టండి. అనుమానం ఉన్న పరికరం నుంచి ఇలా:

```
iperf3 -c 192.168.1.10 -R -P 4 -t 20
```

`192.168.1.10` స్థానంలో ఆ కంప్యూటర్ ఐపీ పెట్టండి. `-R` మరిచిపోతే అప్‌లోడ్ దిశ కొలుస్తుంది, డౌన్‌లోడ్‌తో పోల్చుకుని తికమక పడతారు. ఆండ్రాయిడ్ 7, ఆపై ఫోన్లలో టెర్మక్స్ యాప్‌లో `pkg install iperf3` అంటే ఇది దొరుకుతుంది.

ఈ పరీక్షలో లైన్ ప్రసక్తే లేదు. ఫైబర్ తీగ ఊడదీసినా నడుస్తుంది. ఎన్‌క్రిప్షన్ లేదు, జావాస్క్రిప్ట్ లేదు. మన పాత ఫోన్‌కి ఇంట్లోనే, పక్క గదిలోని కంప్యూటర్ నుంచి కూడా 43 మాత్రమే వస్తే, ఇంటర్నెట్ నుంచి 41 రావడంలో ఆశ్చర్యం ఏముంది? ఇంక లైన్ గురించి ఆ ఫోన్ సాక్ష్యం చెల్లదు. లాప్‌టాప్‌కి వైఫై మీద `iperf3` 260 ఇచ్చి బ్రౌజర్ 128 ఇస్తే రేడియో నిర్దోషి, బరువంతా బ్రౌజర్, ఎన్‌క్రిప్షన్‌లదే.

## ఐదో మెట్టు: లైన్‌లో ఇంకా ఖాళీ ఉందా?

రెండో మంచి కంప్యూటర్ లేని ఇల్లే ఎక్కువ. అలాంటప్పుడు రెండు బలహీన పరికరాల్ని కలిపి కొలవొచ్చు. నాకు ఇన్నిట్లో బాగా నచ్చిన పద్ధతి ఇదే, ఎందుకంటే చేతిలో ఉన్నవాటితోనే పని అవుతుంది.

పాత లాప్‌టాప్‌ను కేబుల్ మీద పెట్టి ఏదైనా పెద్ద ఫైల్, ఉదాహరణకి ఉబుంటు ఐఎస్‌ఓ, టొరెంట్‌లో దించడం మొదలుపెట్టండి. టాస్క్ మేనేజర్‌లో `Ethernet` గ్రాఫ్ 94 దగ్గర నిలకడగా నిలిచేదాకా ఆగండి. ఇప్పుడు పాత ఫోన్‌లో 2.4 గిగాహెర్ట్జ్ మీద టెస్ట్ నొక్కి, కళ్లు మాత్రం లాప్‌టాప్ గ్రాఫ్ మీదే ఉంచండి.

లైన్ నిజంగా 100 మాత్రమే అయితే ఫోన్ తన వాటా లాక్కుంటుంది. లాప్‌టాప్ గ్రాఫ్ 94 నుంచి 60 దాకా లోయలా దిగుతుంది, ఫోన్ టెస్ట్ అవగానే మళ్లీ లేస్తుంది. రెండూ కలిపి 100 దాటవు. లైన్‌లో ఖాళీ ఉంటే గ్రాఫ్ కదలదు. లాప్‌టాప్ 94 లాగుతూనే ఉంటుంది, ఫోన్ పక్కన తన 41 తాను తెచ్చుకుంటుంది. కలిపితే 135. అంటే లైన్ కనీసం 135 ఇస్తోంది. ఇంటికొచ్చిన చుట్టం దగ్గర 5 గిగాహెర్ట్జ్ ఫోన్ ఉంటే దాన్నీ అదే సమయంలో నడపండి. లాప్‌టాప్‌కి 94, పాత ఫోన్‌కి 41, ఆ ఫోన్‌కి 62 వస్తే మొత్తం 197. ఇంక లైన్ మీద ఏ అనుమానమూ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. రెండు పరికరాల్నీ ఒకే వైఫై బ్యాండ్ మీద పెట్టకండి. అవి గాలి సమయాన్ని పంచుకుంటాయి కాబట్టి లైన్ ఖాళీగా ఉన్నా ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. నెమ్మది ఫోన్ అదే డేటాకి ఎక్కువ సమయం పడుతుంది కనుక వేగమైనదాన్ని కూడా ఈడ్చేస్తుంది. ఒకటి తీగ మీద, ఒకటి 2.4లో, మూడోది 5లో ఉండాలి. మొత్తం 94 దగ్గరే ఆగిపోతే రెండో మెట్టులో చెప్పిన వాన్ పోర్ట్‌ను మళ్లీ చూడండి.

రౌటర్ పేజీలోనే స్పీడ్ టెస్ట్ బటన్ ఉంటే దాని అంకెను తుది తీర్పుగా తీసుకోకండి. రౌటర్ మామూలుగా డేటాను దాటించేటప్పుడు ప్రత్యేక హార్డ్‌వేర్ ఆ పని చేస్తుంది. టెస్ట్ డేటా రౌటర్‌లోనే ఆగాలి కాబట్టి అప్పుడు దాని చిన్న ప్రాసెసరే మోయాలి. అది కూడా ఒక బలహీన పరికరమే. ప్లాన్‌కి సరిపడా అంకె వస్తే నమ్మొచ్చు, తక్కువ వస్తే దాని ఆధారంగా ఫిర్యాదు చేయలేం.

## పాత పరికరం చెప్పిందీ నిజమయ్యే సందర్భాలు

పాత ఫోన్‌ను పూర్తిగా పనికిరానిదిగా తీసిపారేయకూడదు. దాని గరిష్ఠం 41 అని తేలాక, ఆ 41 కింద జరిగే ప్రతిదాన్నీ అది సరిగ్గానే చెబుతుంది. రోజూ రౌటర్ పక్కన 41 చూపే ఫోన్ ఒక రాత్రి తొమ్మిదింటికి 12 చూపి, పొద్దున ఆరింటికి మళ్లీ 41 చూపితే ఆ తగ్గుదల ఫోన్‌ది కాదు. అప్పుడు కేబుల్ మీద లాప్‌టాప్ కూడా 94 నుంచి దిగిందేమో చూడండి. దిగితే లైన్, దిగకపోతే పక్కింటి వైఫైల రద్దీ. అలాగే 30 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో ఇదే ఫోన్ లైన్‌ను పూర్తిగా కొలవగలదు.

## ఇంతకీ ఏం మార్చాలి?

ఫోన్ విషయంలో ఏమీ మార్చనక్కర్లేదు. వీడియో కాల్‌కైనా, ఫుల్ హెచ్‌డీ వీడియోకైనా 41 ఎక్కువే. దానికోసం పెద్ద ప్లాన్ తీసుకోవడం డబ్బు దండగ.

లాప్‌టాప్‌కి మాత్రం పెద్ద ఫైళ్లు దించే పని ఉంటే యూఎస్‌బీ గిగాబిట్ ఈథర్‌నెట్ అడాప్టర్ కొనొచ్చు. బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లోని షాపుల్లో అడిగేటప్పుడు "గిగాబిట్, యూఎస్‌బీ 3" అని రెండు మాటలూ చెప్పండి. చూడటానికి ఒకేలా ఉండే 100 ఎంబీపీఎస్ అడాప్టర్లు కూడా అమ్ముతారు, అది తెస్తే మళ్లీ 94 దగ్గరికే వస్తారు. లాప్‌టాప్‌లో యూఎస్‌బీ 2 పోర్టులే ఉన్నా గిగాబిట్ అడాప్టర్ దాదాపు 300 దాకా ఇవ్వగలదు, 200 ప్లాన్‌కి చాలు. కానీ అడాప్టర్ పెట్టినా బ్రౌజర్ టెస్ట్ 128 దగ్గరే ఆగొచ్చు. ప్రాసెసర్ మారలేదు కదా. ఆ లాప్‌టాప్‌ను కమాండ్ లైన్‌తోనే కొలవండి.

అన్నీ చూశాక కూడా లైన్ తక్కువే అని తేలితే ఫిర్యాదు ఇలా పెట్టండి: "సార్, గిగాబిట్ పోర్ట్ ఉన్న లాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి పెట్టాం. లింక్ 1 జీబీపీఎస్ చూపిస్తోంది. టెస్ట్ నడిచేటప్పుడు ఏ కోరూ నిండలేదు. బెంగళూరు సర్వర్ మీద రాత్రి తొమ్మిదింటికి 70, పొద్దున ఆరింటికి 72 వచ్చింది." దీనికి "వైఫైలో అలాగే వస్తుంది సార్" అనే జవాబు సరిపోదు. టెక్నీషియన్ వచ్చినప్పుడు ఆయన లాప్‌టాప్‌ను అదే కేబుల్‌కి, అదే పోర్ట్‌కి పెట్టించండి. ఆయన మీటర్‌తో ఓఎన్‌టీకి వచ్చే ఫైబర్ మీద సిగ్నల్ ఎంతుందో చూడమనండి, ఆ అంకెను మీ ఫోన్‌లో ఫొటో తీసుకుని ఫిర్యాదు నంబర్ పక్కన ఉంచుకోండి.